నల్లగా ఉన్నదంతా ఇన్‌ఫార్క్ట్ కాదు

ప్రశ్న: మేడమ్, నేను మెడిసిన్ ఫైనల్ ఇయర్. ప్రాక్టికల్స్‌లో తల సీటీ ఫిల్మ్ ఒకటి చేతిలో పెట్టారు. ఒక పక్క నల్లగా కనిపించింది, ఇన్‌ఫార్క్ట్ అన్నాను. "మాస్ ఎఫెక్ట్ ఉందా?" అని అడిగితే ఉందన్నాను. "ఎలా తెలిసింది? ఎంత?" అనేసరికి నోరు పెగల్లేదు. చివరికి అది సబ్‌డ్యూరల్ అని చెప్పి పంపేశారు. తెల్లగా ఉంటే రక్తం, నల్లగా ఉంటే ఇన్‌ఫార్క్ట్ అనే కదా మేం నేర్చుకున్నది? మళ్లీ పరీక్ష ఉంది. ఫిల్మ్ అంటేనే టెన్షన్‌గా ఉంది. అసలు ముందు ఏం చూడాలి?

జవాబు: మీరు నేర్చుకున్న సూత్రం అబద్ధం కాదు. కాకపోతే అది మొదటి కొన్ని రోజులకే వర్తిస్తుంది. రక్తం ఎప్పటికీ తెల్లగా ఉండదు, ఇన్‌ఫార్క్ట్ పుట్టగానే నల్లబడదు. ఫిల్మ్ మీద రంగు ముఖ్యంగా చెప్పేది జబ్బు వయసు. జబ్బు పేరు చెప్పేవి దాని చోటు, ఆకారం. అందుకే రంగును చివర్లో చూడమంటాను.

రక్తం ఎందుకు తెల్లగా కనిపిస్తుందో ముందు చూద్దాం. చాలామంది దానికి కారణం ఐరన్ అంటారు, కానీ అసలు కారణం ఎర్ర రక్తకణాల్లోని గ్లోబిన్ ప్రోటీన్. రక్తం గడ్డకట్టి, అందులోని సీరం బయటికి పోయి, గడ్డ బిగుసుకున్నప్పుడు ఆ ప్రోటీన్ చిక్కబడుతుంది. మెదడులో గ్రే మ్యాటర్ సుమారు 35 నుంచి 40 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు, వైట్ మ్యాటర్ 25 నుంచి 30, సీఎస్ఎఫ్ సున్నాకు కాస్త పైన ఉంటాయి. తాజా గడ్డ 60 నుంచి 80 దాకా వెళ్తుంది కాబట్టి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తర్వాత రోజురోజుకీ ఆ ప్రోటీన్ విరిగిపోతుంది, తెలుపు తగ్గుతుంది. సబ్‌డ్యూరల్ అయితే మొదటి వారం దాటాక మెదడు రంగులోకి దిగి, మూడు వారాలు దాటేసరికి మెదడుకన్నా నల్లబడుతుంది. మీ చేతికిచ్చిన ఫిల్మ్ ఆ దశలోదే అయి ఉండాలి. పేషెంట్‌కు బాగా రక్తహీనత ఉంటే మొదటి రోజునే గడ్డ తెల్లగా కనిపించకపోవచ్చు. చిక్కబడటానికి అందులో హీమోగ్లోబినే తక్కువ కదా.

ఇన్‌ఫార్క్ట్‌ది దీనికి భిన్నమైన ప్రయాణం. రక్తం అందని కణాలు నీటిని లోపలికి లాక్కుంటాయి. కణజాలంలో నీరు 1 శాతం పెరిగితే డెన్సిటీ సుమారు 2 నుంచి 2.5 యూనిట్లు పడిపోతుంది. ఇంత చిన్న తేడా కంటికి ఆనదు. అందుకే మొదటి కొన్ని గంటల్లో తీసిన సీటీ నార్మల్‌గా ఉండటం మామూలే. ఒక రోజు గడిచేసరికి నలుపు తేటగా తెలుస్తుంది. మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య వాపు పతాక స్థాయికి చేరుతుంది. రెండో మూడో వారంలో కొన్ని ఇన్‌ఫార్క్ట్‌లు మళ్లీ మెదడు రంగులోకి వచ్చి మాయమైనట్టు కనిపిస్తాయి, దీన్ని ఫాగింగ్ అంటారు. నెలలు గడిచాక అక్కడ మెదడు కరిగిపోయి సీఎస్ఎఫ్ నిండుతుంది, అప్పుడు కటిక నలుపు. కాబట్టి తేదీ తెలియకుండా రంగు ఒక్కటే చూసి మాట్లాడితే తప్పటడుగు వేసే అవకాశమే ఎక్కువ.

ఇక ఫిల్మ్ చేతిలోకి వచ్చాక ఏం చేయాలో చెబుతాను. ముందు పేషెంట్ వయసు, స్కాన్ తేదీ, పక్క సూచించే R గుర్తు చూడండి. మామూలుగా పేషెంట్ కుడి భాగం మనకు ఎడమ చేతి వైపు వస్తుంది. ఎముకల తెలుపు తప్ప ఇంకేం తెల్లగా లేకపోతే కాంట్రాస్ట్ ఇవ్వని స్కాన్ అయి ఉంటుంది, ఆ మాట మొదటి వాక్యంలోనే చెప్పండి. తర్వాత కుడి, ఎడమ పోల్చుతూ ఒక్కో స్లైస్ చూడండి. ఏ పక్క తేడాగా ఉందో తేలగానే రంగు పేరు చెప్పేయకండి. దానికన్నా ముందు అది మెదడు లోపల ఉందా, బయట ఉందా అని అడగండి. మీరు తప్పిన మెట్టు ఇదే.

ఈ ప్రశ్నకు జవాబు దొరికే చోటు కార్టెక్స్. పుర్రె లోపలి అంచు వెంబడి వేలు నడిపిస్తూ పోండి. మామూలు మెదడులో సల్కస్‌లు, అంటే మడతల మధ్య సందులు, దాదాపు ఎముక దాకా వస్తాయి. ఎముకకు, మెదడు ఉపరితలానికి మధ్య నెలవంక ఆకారంలో ఏదైనా పొర ఉండి, దాని లోపలి అంచు వెంట గ్రే మ్యాటర్ పట్టీ చెక్కు చెదరకుండా, కాస్త లోపలికి నొక్కుకుపోయి కనిపిస్తే జబ్బు మెదడు బయట ఉన్నట్టు. ఆ నెలవంక నల్లగా ఉన్నా, బూడిద రంగులో ఉన్నా, తెల్లగా ఉన్నా అది సబ్‌డ్యూరలే అని మొగ్గవచ్చు. అది కొరోనల్ సూచర్‌ను దాటి ముందు నుంచి వెనక దాకా పాకుతుంది. ఫాక్స్‌ను మాత్రం దాటి అవతలి పక్కకు వెళ్లదు, దాని వెంట లోపలికి దిగవచ్చు. దీనికి తిరగేసిన లక్షణాలు ఎక్స్‌ట్రాడ్యూరల్‌వి. అది రెండు పక్కలా ఉబ్బిన కటకంలా ఉండి సూచర్ దగ్గర ఆగిపోతుంది. ఎముక విరిగిన గీత దాని పక్కనే ఉందేమో బోన్ విండోలో చూడాలి.

ఇన్‌ఫార్క్ట్‌లో జరిగేది వేరు. అక్కడ జబ్బు పడింది కార్టెక్సే. అందువల్ల నలుపుకు, ఎముకకు మధ్య విడిగా ఒక గ్రే పట్టీ మిగలదు. నలుపు ఎముకవైపు వెడల్పుగా, లోపలికి సన్నగా దిగి, గ్రే మ్యాటర్‌నూ వైట్ మ్యాటర్‌నూ కలిపి మింగేస్తుంది, రెంటికీ మధ్య గీత చెరిగిపోతుంది. పైగా దానికి ఒక హద్దు ఉంటుంది. మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీది అయితే ఇన్సులా, దాని పైన ఫ్రాంటల్, పరైటల్ లోబుల పక్క భాగాలు, టెంపొరల్ లోబు పై భాగం పోతాయి. ఫాక్స్‌ను ఆనుకున్న మధ్య పట్టీ మిగులుతుంది, అది యాంటీరియర్ సెరిబ్రల్‌ది. ఆక్సిపిటల్ లోబు మిగులుతుంది, అది పోస్టీరియర్ సెరిబ్రల్‌ది. హద్దులు ఇలా ఒక ఆర్టరీ మ్యాప్‌తో సరిపోయాయా లేదా అన్నదే అసలు పరీక్ష. సరిపోకపోతే ఇన్‌ఫార్క్ట్ అనే ముందు మరోసారి ఆలోచించండి. నలుపు వైట్ మ్యాటర్‌లోనే వేళ్లలా పాకి, పైన కార్టెక్స్‌ను ముట్టకుండా వదిలేస్తే అది వ్యాసోజెనిక్ ఎడిమా. దాని మధ్యలో ట్యూమరో, చీముగడ్డో ఉండే అవకాశం ఎక్కువ. అలాంటి ఫిల్మ్ చూసి కాంట్రాస్ట్ స్టడీ కావాలనడం సరైన జవాబు.

మొదటి గంటల్లోని ఇన్‌ఫార్క్ట్ ఇచ్చారనుకోండి, నలుపు కోసం వెతక్కండి. గీతలు చెరిగాయేమో వెతకండి. ఇన్సులా మీద ఉండే సన్నటి గ్రే పట్టీ ఒక పక్క మాయమైందా? లెంటిఫాం న్యూక్లియస్ అంచు ఒక పక్క మసకబారిందా? కంప్యూటర్ మీద చూసే వీలుంటే మామూలు W 80 L 40 నుంచి W 40 L 40కి మార్చండి. విండో ఇరుకైతే ఆ రెండు మూడు యూనిట్ల తేడా కంటికి ఆనుతుంది. ఇదే సమయంలో సిల్వియన్ ఫిషర్ మొదట్లో ఒక ఆర్టరీ తెల్లని చుక్కలానో గీతలానో మెరుస్తుంటే అది బయటికి కారిన రక్తం కాదు, మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీలో అడ్డుపడిన గడ్డ. అంటే తెల్లగా ఉన్నదంతా బ్లీడ్ కూడా కాదు. పీనియల్, కోరాయిడ్ ప్లెక్సస్‌లలోని క్యాల్షియం కూడా అలాగే భయపెడుతుంది. కానీ అవి ఉండాల్సిన చోటే ఉంటాయి, వాటి చుట్టూ వాపు ఉండదు, కొలిస్తే చాలాసార్లు 100 యూనిట్లు దాటతాయి.

మెదడు లోపలి బ్లీడ్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, అది తనే కనిపిస్తుంది. బీపీ వల్ల వచ్చేది ఎక్కువగా పుటామెన్, థాలమస్, పాన్స్, సెరిబెల్లమ్‌లలో ఉంటుంది. దాని హద్దులు ఆర్టరీ మ్యాప్‌ను లెక్కచేయవు. చుట్టూ సన్నటి నల్లని అంచు ఉంటుంది, వెంట్రికల్‌లోకి చిమ్మిందేమో మాత్రం ఆక్సిపిటల్ హార్న్‌ల దగ్గర చూసి రండి. పేషెంట్ వెల్లకిలా పడుకుని ఉంటాడు కాబట్టి రక్తం అక్కడికే దిగుతుంది. సబ్‌అరాక్నాయిడ్ అయితే సీఎస్ఎఫ్ నల్లగా ఉండాల్సిన చోట, అంటే మెదడు అడుగున ఉన్న సిస్టర్న్‌లలో, సిల్వియన్ ఫిషర్‌లో తెలుపు నిండి ఉంటుంది. "నల్లగా ఉండాల్సినవి నల్లగానే ఉన్నాయా?" అని ప్రతి ఫిల్మ్‌లో ఒకసారి అడిగితే ఇది తప్పిపోదు.

ఇప్పుడు మీ నోరు కట్టేసిన మాస్ ఎఫెక్ట్ సంగతి. నలుగురు పట్టే బెంచీ మీద ఐదో మనిషి వచ్చి కూర్చుంటే ముందు మధ్యలో ఉన్న ఖాళీలు పోతాయి, తర్వాత పక్కవాళ్లు జరుగుతారు, ఇంకా నెడితే చివరివాడు కిందికి జారతాడు. పుర్రెలో కూడా వరుస అంతే. మొదట సల్కస్‌లు మూసుకుపోతాయి, ఎందుకంటే అక్కడ ఉన్నది ఇట్టే తప్పుకునే సీఎస్ఎఫ్. తర్వాత ఆ పక్క లేటరల్ వెంట్రికల్ నలిగిపోతుంది. అప్పటికీ చోటు చాలకపోతే మిడ్‌లైన్ అవతలికి జరుగుతుంది. చివరికి మెదడు ఫాక్స్ కిందుగానో, టెంటోరియం అంచు మీదుగానో, ఫోరామెన్ మాగ్నమ్‌లోకో జారుతుంది. మాస్ ఎఫెక్ట్ ఉందా అని అడిగితే ఈ వరుసలోనే జవాబు చెప్పండి. "ఎడమ పక్క సల్కస్‌లు మూసుకుపోయాయి, ఎడమ వెంట్రికల్ నలిగింది, మిడ్‌లైన్ కుడికి ఇంత జరిగింది, సిస్టర్న్‌లు తెరిచే ఉన్నాయి" అంటే "ఎలా తెలిసింది?" అని ఇంకెవరూ అడగరు.

"ఎంత?" అన్నదానికి కొలత కావాలి. రెండు లేటరల్ వెంట్రికల్‌ల ముందు కొమ్ముల మధ్య సన్నటి గోడ ఉంటుంది, అదే సెప్టమ్ పెల్యూసిడమ్. ఫోరామెన్ ఆఫ్ మన్రో దగ్గరి స్లైస్ తీసుకోండి. ముందు ఫ్రాంటల్ ఎముక మధ్యలోని గట్టు నుంచి వెనక ఆక్సిపిటల్ ఎముక లోపలి బొడిపె దాకా ఒక గీత గీయండి. అదే ఉండాల్సిన మిడ్‌లైన్. దాని నుంచి సెప్టమ్‌కు లంబంగా ఉన్న దూరమే షిఫ్ట్. గీత గీయడం కుదరకపోతే మరో దారి ఉంది. అదే స్లైస్‌లో, అదే మట్టంలో, పుర్రె లోపలి అంచు నుంచి అవతలి లోపలి అంచు దాకా వెడల్పు A అనుకోండి. సెప్టమ్ ఏ పక్కకు జరిగిందో ఆ పక్క ఎముక నుంచి సెప్టమ్ దాకా B అనుకోండి.

షిఫ్ట్ = (A ÷ 2) − B

ఇక్కడ రెండు చోట్ల పిల్లలు దెబ్బ తింటారు. ఒకటి, ప్రింట్ చేసిన ఫిల్మ్ అసలు సైజులో ఉండదు. స్కేల్‌తో నేరుగా కొలిచి మిల్లీమీటర్లు చెబితే అది ఫిల్మ్ మీది మిల్లీమీటరే, తలలోది కాదు. ప్రతి బొమ్మ పక్కనా సెంటీమీటర్ల గుర్తులతో ఒక నిలువు గీత ఉంటుంది, దాంతో పోల్చి లెక్కగట్టాలి. రెండు, తల వంకరగా పెట్టి స్కాన్ చేస్తే ఏమీ లేకపోయినా మధ్య గీత జరిగినట్టు అనిపిస్తుంది. కళ్లూ చెవి ఎముకలూ రెండు పక్కలా ఒకే స్లైస్‌లో వచ్చాయో లేదో చూస్తే వంకర తెలిసిపోతుంది.

మిడ్‌లైన్ దగ్గర ఆగిపోకండి, కిందికి కూడా దిగండి. సుప్రాసెల్లార్ సిస్టర్న్ మెదడు అడుగున నల్లని నక్షత్రంలా ఉంటుంది. టెంపొరల్ లోబులోని అంకస్ లోపలికి జారుతుంటే ముందు ఆ నక్షత్రానికి ఆ పక్క కోణం పోతుంది, తర్వాత మొత్తం చెరిగిపోతుంది. థర్డ్ నర్వ్ ఆ దారినే వెళ్తుంది కాబట్టి అదే పక్క కంటిపాప పెద్దదవుతుంది. మిడ్‌బ్రెయిన్ వెనక ఉండే క్వాడ్రిజెమినల్ సిస్టర్న్ కూడా తెరిచి ఉందో లేదో చూడండి. ఇంకో గుర్తు విద్యార్థులకు వింతగా తోస్తుంది. జబ్బు ఒక పక్క ఉంటే వెంట్రికల్ పెద్దదయ్యేది అవతలి పక్క. మధ్య భాగం నెట్టుకురావడంతో ఫోరామెన్ ఆఫ్ మన్రో నలిగిపోయి అవతలి వెంట్రికల్‌లోని సీఎస్ఎఫ్ బయటికి పోలేక నిలిచిపోతుంది. అవతలి టెంపొరల్ హార్న్ ఉబ్బి కనిపిస్తే పరిస్థితి ముదిరిందని అర్థం.

రంగును చివర్లో చూడమని మొదట్లోనే అన్నాను. ఇప్పుడు దాని వంతు. రంగు ఒక వయసు చెబుతుంది, నెట్టుడు ఒక వయసు చెబుతుంది, పేషెంట్ చరిత్ర ఒక వయసు చెబుతుంది. ఆ మూడూ ఒకదానితో ఒకటి పొసగాలి. రెండు గంటల క్రితం చేయి పడిపోయిందంటూ వచ్చిన పేషెంట్ ఫిల్మ్‌లో విశాలమైన నలుపు, 8 మిల్లీమీటర్ల షిఫ్ట్ ఉంటే ఆ ఇన్‌ఫార్క్ట్ రెండు గంటలది కాదు. మొదలైన టైమ్ తప్పు చెప్పారు, లేదా అసలు జబ్బే వేరు. తిరగేసి చూస్తే, సీఎస్ఎఫ్ అంత కటిక నలుపు ఉన్న చోట నెట్టుడు ఉండకూడదు, లాగుడు ఉండాలి. పాత ఇన్‌ఫార్క్ట్‌లో మెదడు తగ్గిపోతుంది కాబట్టి ఆ పక్క సల్కస్‌లు వెడల్పు అవుతాయి, వెంట్రికల్ ఆ మచ్చ వైపు సాగుతుంది, ఒక్కోసారి మిడ్‌లైన్ కూడా అటే వంగుతుంది. మీరు ఇన్‌ఫార్క్ట్ అన్న ఫిల్మ్‌లో ఈ లెక్క ఒక్కటి వేసినా అనుమానం వచ్చి ఉండేది.

ఒక ఫిల్మ్‌ను మొదటి నుంచి చివరి దాకా చదివి చూపిస్తాను. 70 ఏళ్ల వ్యక్తి. రెండు వారాలుగా తలనొప్పి, మతిమరుపు. నాలుగు రోజులుగా కుడి చేయి, కుడి కాలు బలహీనం. నెల రోజుల కిందట జారిపడ్డ సంగతి అడిగితేనే భార్య గుర్తుచేసుకుంది. కాంట్రాస్ట్ లేని సీటీ. R గుర్తు మన ఎడమ చేతి వైపు ఉంది.

రెండు పక్కలూ పోలిస్తే పేషెంట్ ఎడమ పక్క తేడాగా ఉంది. ఎముక వెంబడి ఫ్రాంటల్ నుంచి పరైటల్ దాకా నెలవంక లాంటి పొర ఉంది, కొరోనల్ సూచర్ దగ్గర ఆగలేదు, ఫాక్స్ అవతలికి పోలేదు. లోపలి అంచులో గ్రే మ్యాటర్ పట్టీ మొత్తం ఉంది, లోపలికి నొక్కుకుపోయింది. కాబట్టి ఇది మెదడు బయటిది. పొర చాలా చోట్ల మెదడుకన్నా నల్లగా ఉంది, కానీ వెంట్రికల్‌లోని సీఎస్ఎఫ్ అంత నలుపు కాదు. వెనక, అంటే పడుకున్నప్పుడు కిందికి వచ్చే భాగంలో, కాస్త తెల్లని మట్టం ఉంది. దాన్ని బట్టి పాత రక్తంలోకి ఈమధ్య మళ్లీ కొంచెం కారిందని చెప్పొచ్చు. దళసరి బాగా ఉన్న చోట స్కేల్ లెక్కన 18 మిల్లీమీటర్లు.

ఇక నెట్టుడు. ఎడమ పక్క సల్కస్‌లు లేవు, కుడి పక్క ఆ వయసుకు తగ్గట్టు వెడల్పుగా ఉన్నాయి. ఎడమ వెంట్రికల్ సన్నగిల్లింది. ఫోరామెన్ ఆఫ్ మన్రో మట్టంలో A 136 మిల్లీమీటర్లు, అందులో సగం 68. సెప్టమ్ కుడికి జరిగింది కాబట్టి కుడి ఎముక నుంచి కొలిస్తే B 59. షిఫ్ట్ 9 మిల్లీమీటర్లు. సుప్రాసెల్లార్ నక్షత్రం అన్ని కోణాలతో ఉంది, క్వాడ్రిజెమినల్ సిస్టర్న్ తెరిచే ఉంది, కుడి టెంపొరల్ హార్న్ ఉబ్బలేదు. అంటే ఫాక్స్ కింద జారుడు మొదలైంది, అంకస్ మాత్రం ఇంకా జారలేదు.

వయసులు పొసగాయా? రంగు మూడు వారాలు పైబడింది అంటోంది, పడింది నెల కిందట, లక్షణాలు మెల్లగా పెరిగాయి. ఎడమ పొరకు కుడి బలహీనత సరిపోయింది. మూడు వారాలు దాటిన ఇన్‌ఫార్క్ట్‌లో ఇంత నెట్టుడు ఉండదు, ఎందుకంటే దాని వాపు మొదటి వారం తర్వాత తగ్గుముఖం పడుతుంది. పైగా ఇక్కడ కార్టెక్స్ చెడలేదు. అన్నీ ఒక్క దగ్గరికే తెస్తున్నాయి: ఎడమ పక్క క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా, దానిలో కొంచెం తాజా బ్లీడ్.

ఇదే పేషెంట్‌కు స్కాన్ ఒకటి రెండు వారాల ముందే తీశారనుకోండి. అప్పుడు పొర అచ్చం మెదడు రంగులో ఉండి ఉండేది. తెలుపూ లేదు, నలుపూ లేదు. రంగు చూసేవాడికి అది నార్మల్ ఫిల్మ్. వరుస తప్పకుండా చూసేవాడు మాత్రం ఎడమ పక్క సల్కస్‌లు ఎముక దాకా రాకుండా మధ్యలోనే ఆగిపోయాయని, వైట్ మ్యాటర్ మొత్తంగా లోపలికి జరిగిందని, సెప్టమ్ కుడికి ఉందని పట్టుకుంటాడు. నాకు పరీక్షలకు ఇంతకన్నా మంచి ఫిల్మ్ కనిపించదు, కాబట్టి ఎగ్జామినర్లకూ కనిపించదనే అనుకోండి.

దీనికన్నా మోసకారిది రెండు పక్కలా ఉన్న ఐసోడెన్స్ సబ్‌డ్యూరల్. రెండు వైపులా సమానంగా నెడితే మిడ్‌లైన్ కదలదు. రెండు పక్కలూ పోల్చే పద్ధతి ఇక్కడ పనిచేయదు. మిగిలే ఆధారం వయసు ఒక్కటే. 75 ఏళ్ల మనిషి ఫిల్మ్‌లో సల్కస్‌లు అసలు కనిపించక, వెంట్రికల్‌లు సన్నగా, పిల్లల మెదడులా నిండుగా ఉంటే సంతోషించకండి. ఆ వయసులో మెదడు కొంత తగ్గి ఉండాలి. అప్పుడు కార్టెక్స్ ఎముకకు ఎంత దూరంలో ఉందో రెండు పక్కలా మళ్లీ చూడండి.

చెప్పేటప్పుడు వాక్యాలు పొడుగ్గా వద్దు. "ఇది కాంట్రాస్ట్ లేని తల సీటీ. ఎడమ పక్క ఫ్రాంటో పరైటల్ ప్రాంతంలో మెదడు బయట నెలవంక ఆకారపు హైపోడెన్స్ పొర ఉంది, దళసరి 18 మిల్లీమీటర్లు, వెనక హైపర్‌డెన్స్ మట్టం ఉంది. ఎడమ సల్కస్‌లు మూసుకుపోయాయి, ఎడమ వెంట్రికల్ నలిగింది, మిడ్‌లైన్ కుడికి 9 మిల్లీమీటర్లు జరిగింది. బేసల్ సిస్టర్న్‌లు తెరిచి ఉన్నాయి. క్రానిక్ సబ్‌డ్యూరల్, లోపల ఈమధ్యది కొంత బ్లీడ్." పేరు చివర్లో వచ్చేలా చూసుకోండి. పేరు ముందే చెబితే మిగతా ప్రశ్నలన్నీ దాన్ని సమర్థించుకోవడానికే సరిపోతాయి. ఒకవేళ పేరు తప్పినా వర్ణన సరిగ్గా ఉంటే చాలామంది మార్కులు వేస్తారు.

ఆ తర్వాత వచ్చే ప్రశ్న దాదాపు ఖాయంగా "ఇప్పుడేం చేస్తావు?" అన్నదే. రక్తం పలచబడే మందులు వాడుతున్నాడా అని అడుగుతానని, న్యూరోసర్జన్‌కు చూపిస్తానని చెప్పండి. ఇలా లక్షణాలూ నెట్టుడూ రెండూ ఉన్న క్రానిక్ సబ్‌డ్యూరల్‌కు సాధారణంగా బర్ హోల్ వేసి రక్తాన్ని బయటికి తీస్తారు. అక్యూట్ సబ్‌డ్యూరల్ అయితే దళసరి 10 మిల్లీమీటర్లు మించినా, షిఫ్ట్ 5 మిల్లీమీటర్లు మించినా జీసీఎస్ ఎంత ఉన్నా ఆపరేషన్ చేయాలన్నది గైడ్‌లైన్ మాట. ఆ రెండు అంకెల కోసమే మిమ్మల్ని "ఎంత?" అని అడిగి ఉంటారు. ఈ స్థితిలో లంబర్ పంక్చర్ చేస్తానని మాత్రం పొరపాటున కూడా అనకండి. కింది నుంచి సీఎస్ఎఫ్ తీస్తే పైన నెట్టుకుని ఉన్న మెదడు కిందికి జారుతుంది.

ఇక ఒకే స్లైస్ ప్రింట్ చేసి ఇచ్చారనుకోండి, ఆ స్లైస్‌లో ఉన్నంత వరకే చెప్పి, "సిస్టర్న్‌ల గురించి చెప్పాలంటే కింది స్లైస్‌లు కావాలి" అని అడగండి.